పాత పేపర్‌లోని మెథడ్స్ కొత్త పేపర్‌లోనూ కనిపిస్తే

జర్నల్‌కు పేపర్ పంపిన కొద్ది రోజులకు ఎడిటర్ నుంచి మెయిల్ వచ్చింది అనుకుందాం. సిమిలారిటీ రిపోర్టులో మొత్తం 24 శాతం పోలిక తేలింది. అందులో 14 శాతం ఒక్క చోటి నుంచే వచ్చింది. ఆ చోటు వేరే ఎవరిదో కాదు, అదే ల్యాబ్ 2021లో ప్రచురించిన పేపర్. కలిసిన వాక్యాలన్నీ ప్రయోగం ఎలా చేశారో చెప్పే మెథడ్స్ భాగంలోనే ఉన్నాయి. వివరణ ఇవ్వమని ఎడిటర్ అడిగారు. మొదటి పేపర్ రాస్తున్న పీహెచ్‌డీ స్కాలర్‌కు ఈ మెయిల్ చూడగానే దొంగతనం అంటగట్టినట్టు అనిపిస్తుంది. ఆ భయంలో చేసే పనులే అసలు తప్పులకు దారితీస్తాయి.

ముందు ఆ 24 అంకె ఏమిటో తెలియాలి. చాలా జర్నళ్లు క్రాస్‌రెఫ్ సంస్థ అందించే సేవ ద్వారా ఐథెంటికేట్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాయి. అది ప్రచురితమైన లక్షలాది పత్రాలతో మాటలను పోల్చి, కలిసినవాటికి రంగు వేసి చూపుతుంది. ఆ మాటలు ఎందుకు కలిశాయో దానికి తెలియదు. రచయితల చిరునామాలు, రెఫరెన్సుల జాబితా, మందుల కంపెనీల పేర్లు కూడా కలిసినవాటి కిందికే వస్తాయి. వాటిని మినహాయించే సెట్టింగులు ఉన్నా ఎవరు ఏది వాడతారో చెప్పలేం. మన దేశంలో ఈ అంకె మీద భయం పెరగడానికి యూజీసీ 2018 నిబంధనలు ఒక కారణం. వాటి ప్రకారం 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు, ఆపైన అంచెలంచెలుగా ఉంది. దాంతో చాలామందికి రిపోర్టు చదవడం కంటే అంకె తగ్గించడమే పనిగా మారింది. అది మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

రిపోర్టు తెరిచి, రంగు వేసిన వాక్యాలను ఒక్కొక్కటిగా ల్యాబ్ నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చదవాలి. పాత పేపర్ పక్కన కాదు, నోట్‌బుక్ పక్కన. ఎందుకో మన ఉదాహరణలోనే చూద్దాం. కణాల్లో ఒక ప్రొటీన్ ఎంత ఉందో తెలుసుకోవడానికి వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్ష చేస్తారు. ప్రొటీన్లను జెల్‌లో పరిమాణాన్ని బట్టి విడదీసి, ఒక పలుచని పొర మీదికి ఎక్కిస్తారు. తర్వాత మనకు కావలసిన ప్రొటీన్‌నే పట్టుకునే యాంటీబాడీని ఆ పొర మీద పోస్తారు. యాంటీబాడీ ఖాళీ చోట్ల కూడా అతుక్కోకుండా ముందుగా పాలపొడి ద్రావణంతో పొరను కప్పుతారు. దీన్ని బ్లాకింగ్ అంటారు. 2021 పేపర్‌లో 5 శాతం పాలపొడి అని రాశారు. కొత్త పేపర్‌లోనూ అదే వాక్యం ఉంది. నోట్‌బుక్‌లో మాత్రం పాలపొడి లేదు, బీఎస్ఏ అనే ఆవు రక్తపు ప్రొటీన్ ఉంది. ఈసారి కొలిచింది ఫాస్ఫేటు చేరిన ప్రొటీన్. పాలలోని కేసీన్‌కు కూడా ఫాస్ఫేటు ఉంటుంది కాబట్టి కొన్ని యాంటీబాడీలతో పొరంతా మసక వచ్చే ప్రమాదం ఉంది. అందుకే స్కాలర్ తెలివిగా బీఎస్ఏకు మారింది. కానీ పాత ఫైలు నుంచి తెచ్చి అతికించిన వాక్యం మారలేదు.

మాట కలవడం కంటే ఇది చాలా పెద్ద తప్పు. ఈ పేపర్ చదివి పాలపొడితో ప్రయోగం చేసిన మరో ల్యాబ్‌కు మసక బొమ్మలు రావచ్చు. తప్పెక్కడుందో వాళ్లకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. పాత వాక్యంతో పాటు జారి వచ్చేవి ఇంకా ఉంటాయి: యాంటీబాడీ పలుచన, సాఫ్ట్‌వేర్ వెర్షన్, జంతువుల సంఖ్య, చివరికి ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు కూడా. పాత అధ్యయనపు అనుమతి నంబరు కొత్త పేపర్‌లో కనిపిస్తే ఎడిటర్ అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

వాక్యం నిజమైతే, పని కూడా అచ్చంగా పాతదే అయితే దాన్ని ఏం చేయాలి? చాలామంది పర్యాయపదాలు వెతుకుతారు. ఇది వద్దు. పాత పేపర్‌లో సెంట్రిఫ్యూజ్ బలం 12,000 × g అని ఉంటే, మాట మార్చాలని 12,000 ఆర్‌పీఎం అని రాసేవాళ్లున్నారు. మొదటిది గొట్టం మీద పడే బలం, రెండోది నిమిషానికి తిరిగే చుట్లు. చుట్లు ఒకటే అయినా యంత్రం రోటర్ వ్యాసార్ధాన్ని బట్టి బలం మారిపోతుంది. ఫ్రాన్స్‌కు చెందిన గియోమ్ కబనాక్, ఆయన సహచరులు 2021లో ఇలా మాటలు తిప్పి రాసిన పేపర్లను బయటపెట్టారు. రొమ్ము క్యాన్సర్ అన్న స్థిరపడిన పదం స్థానంలో రొమ్ముకు వచ్చిన ఆపద అన్నట్టు రాసినవి కూడా వాటిలో ఉన్నాయి. ఒకే పనిని రెండు పేపర్లలో రెండు రకాలుగా చెబితే పద్ధతి మారిందేమోనని చదివేవాళ్లు అనుమానపడతారు. మెథడ్స్‌లో స్థిరమైన మాటలే మేలు.

వివరమంతా తీసేసి, గతంలో చెప్పిన విధంగా చేశాం అని ఒక్క ముక్కతో ముగించడం రెండో పొరపాటు. ఆ పాత పేపర్ తెరిస్తే అది ఇంకో పాత పేపర్‌ను చూపుతుంది. అది చందా కట్టనిదే తెరుచుకోదు. ప్రయోగాన్ని మళ్లీ చేయడానికి కావలసిన కొలతలు ఇదే పేపర్‌లో ఉండాలి. స్థలం చాలకపోతే అనుబంధ ఫైలులో పెట్టాలి.

పరిశోధన రచనలో పాత మాటల పునర్వినియోగం గురించి అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం కేంద్రంగా ఒక ప్రాజెక్టు కొన్నేళ్లు అధ్యయనం చేసింది. పద్ధతిని కచ్చితంగా, ఒకే తీరుగా చెప్పడానికి రచయితలు తమ పాత వాక్యాలను బాహాటంగా వాడుకోవచ్చన్నది దాని వైఖరి. పత్రికా సంపాదకులకు నైతిక సూచనలిచ్చే కోప్ సంస్థ కూడా మెథడ్స్‌లో పోలికను ఫలితాలు, చర్చ భాగాల్లోని పోలికతో సమానంగా చూడదు. అయితే బాహాటంగా అన్నదే ఇక్కడ షరతు. మన ఉదాహరణలో పేపర్‌లో చేర్చాల్సిన వాక్యం ఇంతే: వెస్టర్న్ బ్లాటింగ్ వివరణ మా 2021 పేపర్ నుంచి స్వల్ప మార్పులతో తీసుకున్నాం, బ్లాకింగ్‌కు పాలపొడి బదులు బీఎస్ఏ వాడాం. పక్కనే ఆ పేపర్ రెఫరెన్సు ఉండాలి.

ఆ పాత వాక్యాలు ఎవరివన్నది ఇంకో ప్రశ్న. 2021 పేపర్ రాసింది ల్యాబ్ వదిలి వెళ్లిన సీనియర్ అయితే, రెండింటిలోనూ ఉన్న రచయిత గైడు ఒక్కరే. ల్యాబ్ ఒకటే కాబట్టి మాటలూ మనవే అనుకోవడం సరికాదు. సీనియర్‌కు ఫోన్ చేసి, అన్నా, మీ మెథడ్స్ వాక్యాలు వాడుకుంటాను, మీ పేపర్ పేరు చెబుతాను అని అడగడం ఐదు నిమిషాల పని. కాపీరైట్ కూడా చూసుకోవాలి. సీసీ బై లైసెన్సుతో వచ్చిన పేపర్ అయితే మూలం చెప్పి వాడుకోవచ్చు. హక్కు ప్రచురణకర్త చేతిలో ఉంటే, చిన్న భాగాలకు అనుమతి అవసరమా కాదా అన్నది వాళ్ల విధానంలో చదివి తెలుసుకోవాలి.

ఎడిటర్‌కు రాసే జవాబు చిన్నదిగా ఉండాలి. ఏ ఉపవిభాగాలు కలిశాయో, ఎందుకు కలిశాయో, మూలం ఎక్కడ చెప్పామో, నోట్‌బుక్‌తో సరిచూసినప్పుడు ఏ తప్పు దొరికి దిద్దామో రాయాలి. ఆ బీఎస్ఏ సంగతి దాచకూడదు. అడగకపోయినా చెప్పాల్సిన విషయం ఇంకొకటి ఉంది. పద్ధతి ఒకటే అయినప్పుడు నమూనాలూ ఒకటేనా అన్న సందేహం అనుభవమున్న ఎడిటర్‌కు తప్పక వస్తుంది. 2021లో కంట్రోల్‌గా వాడిన ఎలుకల కొలతలనే ఈసారీ కంట్రోల్‌గా వాడారా? జంతువులను అనవసరంగా బలి ఇవ్వకుండా అలా చేయడానికి న్యాయమైన కారణం ఉండవచ్చు. కానీ చెప్పకపోతే ఒకే డేటా రెండు స్వతంత్ర ఆధారాలుగా లెక్కలోకి వస్తుంది. రేపు ఎవరైనా ఈ రెండు పేపర్లనూ కలిపి విశ్లేషిస్తే ఆ ఎలుకలు రెండుసార్లు లెక్కపడతాయి. ప్రచురణ తర్వాత బయటపడే పోలికల్లోనూ గీత ఇక్కడే పడుతుంది. మెథడ్స్‌లో మూలం చెప్పడం మరిచిపోతే సాధారణంగా దిద్దుబాటు ప్రకటనతో సరిపోతుంది. ఫలితాలే పాతవైతే పేపర్‌ను వెనక్కి తీసుకునే పరిస్థితి రావచ్చు.