దోపిడీ కేసులో పదిహేడేళ్ల కుర్రాడు.. వయసు ఎలా తేలుస్తారు? బోర్డు ఏం చేస్తుంది?

రాత్రిపూట ఒకరిని అటకాయించి ఫోన్, గొలుసు లాక్కున్న కేసులో ముగ్గురు దొరికారు. ఇద్దరు పెద్దవాళ్లు, మూడో వ్యక్తి ఇంటర్ చదివే కుర్రాడు. ఆధార్‌లో అతడి పుట్టిన తేదీ 2007 జనవరి 1. పదో తరగతి మెమోలో మాత్రం 2007 నవంబర్ 20. ఘటన జరిగింది 2025 అక్టోబర్ 12న. ఇది ఊహించిన కేసే కానీ, ఇలాంటి చిక్కు ఏ ఇంట్లోనైనా రావచ్చు. ఆధార్ ప్రకారం అతడు మేజర్. మెమో ప్రకారం వయసు 17 ఏళ్ల 10 నెలల 22 రోజులు, అంటే మైనర్. మరి ఏది చెల్లుతుంది?

ఏ తేదీ నాటి వయసు చూస్తారు?

నేరం జరిగిన రోజు నాటి వయసే లెక్క. అరెస్టు చేసిన రోజు, కోర్టుకు తెచ్చిన రోజు కాదు. ఈ కుర్రాడికి నవంబర్‌లో 18 నిండినా, విచారణ మైనర్‌గానే కొనసాగుతుంది.

ఏ కాగితం చెల్లుతుంది?

2015 నాటి బాలల న్యాయ చట్టంలోని సెక్షన్ 94 ఒక వరుస చెప్పింది. మొదట స్కూల్ ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పరీక్షల బోర్డు ఇచ్చిన పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఈ రెండూ లేనప్పుడే ఎముకల పరీక్షకు పంపాలి. దాన్ని ఆదేశించిన 15 రోజుల్లోగా పూర్తి చేయాలి. ఎముకల పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ తేడా రావచ్చని కోర్టులే అంగీకరించాయి. అందుకే దాన్ని చివర్లో పెట్టారు.

ఈ వరుసలో ఆధార్ లేదు. అసలు తేదీ తెలియనప్పుడు జనవరి 1 అని రాయించడం మన ఇళ్లలో మామూలే కదా! ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు కూడా 2024లో ఒక ప్రమాద పరిహారం కేసులో చెప్పింది. కాబట్టి మన కేసులో పదో తరగతి మెమోదే పైచేయి.

ఎక్కడ తేడా కొడుతుంది?

పోలీసులు ఆధార్ చూసి లేదా మనిషి ఎత్తు చూసి '19' అని రాసేస్తే, కుర్రాడు మామూలు మేజిస్ట్రేట్ ముందుకు, అక్కడి నుంచి జైలుకు వెళ్లిపోతాడు. అందుకే రిమాండ్ రిపోర్టులో వయసు ఎంత రాశారో మొదట చూసుకోండి. తప్పుంటే ఆ మేజిస్ట్రేట్ ముందే పిటిషన్ వేయొచ్చు. అఫిడవిట్ ఒక్కటే చాలదు. మెమో ఒరిజినల్ చూపాలి. అవసరమైతే హెడ్మాస్టర్ అడ్మిషన్ రిజిస్టర్‌తో వచ్చి సాక్ష్యం చెప్పాల్సి రావచ్చు. మైనర్ అని తేలితే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది. ఈ అభ్యంతరం ఏ దశలోనైనా లేవనెత్తవచ్చు, తుది తీర్పు తర్వాత కూడా.

బోర్డు ముందు ఏం జరుగుతుంది?

మైనర్‌ను లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. నేరం నాన్ బెయిలబుల్ అయినా బెయిల్ ఇవ్వడమే ఇక్కడ నియమం. విడుదలైతే పాత నేరస్తులతో కలుస్తాడనో, అతడికే ప్రమాదమనో, న్యాయం దెబ్బతింటుందనో నమ్మడానికి ఆధారాలుంటేనే నిరాకరించవచ్చు. అప్పుడు కారణాలు రాయాలి.

కత్తి ఎవరి చేతిలో ఉంది?

కేసు ఎటు తిరిగేదీ తేల్చేది ఈ ప్రశ్నే. భారతీయ న్యాయ సంహితలో మామూలు దోపిడీకి పదేళ్ల వరకు జైలు ఉన్నా, కనీస శిక్ష లేదు. కాబట్టి అది 'తీవ్ర' నేరం మాత్రమే. బోర్డే విచారిస్తుంది. నేరం రుజువైనా గరిష్ఠంగా మూడేళ్లు ప్రత్యేక గృహంలో ఉంచగలదు.

అదే దోపిడీలో మారణాయుధం వాడితే సెక్షన్ 311 కింద కనీస శిక్ష ఏడేళ్లు. అప్పుడది 'హేయమైన' నేరం అవుతుంది. 16 ఏళ్లు నిండినవారి విషయంలో నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు గ్రహించే శక్తి, నేరం జరిగిన పరిస్థితులను బోర్డు మూడు నెలల్లోగా అంచనా వేయాలి. పెద్దవాడిలా విచారించాలనుకుంటే కేసును బాలల కోర్టుకు పంపుతుంది. అక్కడ కూడా ఉరిశిక్ష గానీ, విడుదలకు వీల్లేని యావజ్జీవం గానీ వేయకూడదు.

అయితే ఈ ఏడేళ్ల నిబంధన ఆయుధం స్వయంగా వాడిన వ్యక్తికే వర్తిస్తుందని, పాత ఐపీసీలోని ఇలాంటి సెక్షన్ 397పై సుప్రీంకోర్టు తేల్చింది. కత్తి చూపింది మిగతా ఇద్దరిలో ఒకరైతే, కుర్రాడి తరఫు లాయర్ మొదట లేవనెత్తాల్సిన అంశం ఇదే. ఎఫ్ఐఆర్‌లో, బాధితుడి వాంగ్మూలంలో కత్తి ఎవరి చేతిలో ఉందని రాశారో చదవండి.

లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం అడగండి. ఇంకో మాట: ఇలాంటి కుర్రాడి పేరు, ఫొటో, స్కూల్ వివరాలు వాట్సాప్‌లో తిప్పకండి. అలా బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు.