పోకర్ లాగ్: ఆడిన హ్యాండ్లు మళ్ళీ చూసుకుంటే దొరికే లీకులు

పోకర్ ఆడేవాళ్ళు రాసుకునే లాగ్‌లో రెండు భాగాలుంటాయి. మొదటిది సెషన్ లెక్క. తేదీ, ఆడిన చోటు, బ్లైండ్లు ఎంత, ఎన్నింటికి కూర్చున్నారు, ఎన్నింటికి లేచారు, ఎంత పెట్టి చిప్స్ కొన్నారు, చివరికి ఎంత చేతికొచ్చింది అనేవి అందులో ఒక్క వరుసలో ఇమిడిపోతాయి. ఆట మధ్యలో మళ్ళీ చిప్స్ కొంటే అదీ అక్కడే చేరాలి. చాలామంది లెక్కలు తప్పేది ఇక్కడే, జేబులోంచి రెండోసారి తీసిన డబ్బు లేచేటప్పటికి గుర్తుండదు. రెండో భాగంలో ఆ రోజు చిక్కుపెట్టిన హ్యాండ్లను, అంటే ఒక్కో పంపకంలో మొదటి నుంచి చివరిదాకా జరిగినదాన్ని, రాసుకుంటారు. అమెరికాలో మొదటి భాగానికి పన్నుల అవసరం కూడా ఉంది. జూదంలో వచ్చినదీ పోయినదీ చూపించేవాళ్ళు తేదీ, ఆట రకం, చోటు, తోటివారి పేర్లు, మొత్తాలతో డైరీ పెట్టుకోవాలని అక్కడి పన్నుల శాఖ 1977లోనే సూచించింది. ఆట బాగుపడటానికి పనికొచ్చేది మాత్రం రెండో భాగమే.

ఎందుకంటే గెలుపోటముల మొత్తం ఆట నాణ్యత గురించి చాలా ఆలస్యంగా మాట్లాడుతుంది. లాస్ వేగస్ కార్డు గదుల్లో ఎక్కువగా కనిపించే చిన్న ఆట నో లిమిట్ హోల్డెమ్, బ్లైండ్లు ఒక డాలరు, మూడు డాలర్లు. డీలరు పంచే బల్ల మీద గంటకు పాతిక, ముప్పై హ్యాండ్లకు మించి నడవవు. గంటకు సగటున 15 డాలర్లు సంపాదించగల మంచి ఆటగాడు అక్కడ 100 గంటలు ఆడితే 1,500 డాలర్లు రావాలి. కానీ అన్ని హ్యాండ్లలో అదృష్టం వల్ల వచ్చే ఎగుడుదిగుడు కూడా సుమారు 1,500 డాలర్లే. అంటే నిజంగా బాగా ఆడేవాళ్ళలో కూడా ఆరుగురిలో ఒకరు వంద గంటల తర్వాత నష్టంలోనే ఉంటారు. అదే లెక్కన, ఓడిపోయే ఆట ఆడేవాడు కూడా కొన్ని నెలలు లాభంలో తేలి, తన ఆటకు తిరుగులేదనుకోవచ్చు. సెషన్ లెక్క అబద్ధం చెప్పదు, కానీ జవాబివ్వడానికి వందల గంటలు తీసుకుంటుంది. ఈలోగా ఒకే తప్పు ఎన్నిసార్లయినా జరిగిపోతుంది. పోకర్ భాషలో లీకు అంటే అలా పదేపదే జరిగే తప్పే.

హోల్డెమ్‌లో ఒక్కొక్కరికీ రెండు ముక్కలు మూసి ఇస్తారు. తర్వాత అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు బల్ల మీద తెరుస్తారు, దాన్ని ఫ్లాప్ అంటారు. ఆపైన తెరిచే నాలుగో ముక్క టర్న్, ఐదోది రివర్. ప్రతి దశలోనూ పందెం నడుస్తుంది. కాబట్టి హ్యాండ్ నోట్సులో దశల వారీగా ఎవరు ఎంత పెట్టారు, అప్పటికి మధ్యలో ఉన్న పాట్ ఎంత, ఇద్దరి ముందూ ఎన్ని చిప్స్ మిగిలాయి, డీలర్ బటన్‌కు ఎవరు ఎక్కడ కూర్చున్నారు అన్నవి ఉంటే చాలు. వీటితోపాటు ఒక్క వాక్యం తప్పనిసరి: నిర్ణయం తీసుకునే క్షణంలో ఏమనుకుని ఆ పని చేశారు? ఇది ఎదుటివాడి ముక్కలు తెరుచుకున్నాక గుర్తుచేసుకుంటే కుదరదు. ఫలితం చూశాక మనసు కారణాన్ని తనకు నచ్చినట్టు దిద్దుకుంటుంది. బల్ల దగ్గర ఫోనులో నాలుగు పొడి మాటలు రాసుకుని, ఇంటికెళ్ళాక వాటిని విడమరిచి రాసుకోవడం ఎక్కువమంది అలవాటు.

ఏ హ్యాండ్ రాయాలన్నది ఆటగాడి బాధకు వదిలేస్తే లాగ్ వంకరపోతుంది. పెద్ద పాట్ పోయినవి, చివరి ముక్క వల్ల దురదృష్టం కొట్టినవి మాత్రమే చేరతాయి. తప్పుగా ఆడి గెలిచినవి ఎవరూ రాయరు, అవే అసలు లీకులు దాక్కునే చోటు. దీనికి విరుగుడు ముందే ఒక నియమం పెట్టుకోవడం: రివర్‌లో డబ్బు పెట్టాల్సి వచ్చిన ప్రతి హ్యాండ్, గెలిచినా ఓడినా, రాయాలి. అలాంటివి గంటకు ఒకటో రెండో వస్తాయి, కాబట్టి భారం కాదు.

ఆన్‌లైన్‌లో అయితే ప్రతి హ్యాండూ దానంతటదే నమోదవుతుంది. పోకర్‌ట్రాకర్, హోల్డెమ్ మేనేజర్ వంటి సాఫ్ట్‌వేర్లు ఆ ఫైళ్ళను చదివి వేల హ్యాండ్లను జల్లెడ పడతాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆ ప్రసక్తి లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో పార్లమెంటు కూడా దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. గోవా క్యాసినోల్లోనో, అమెరికాలోనో బల్ల మీద ఆడేవాళ్ళకు చేతిరాతే దిక్కు.

సమీక్ష ఆ రాత్రే చేయకూడదు. ఒకటి రెండు రోజులు ఆగి, ఎదుటివాడి ముక్కలు రాసిన వరుసను కాగితంతో మూసేసి, అక్కడిదాకా తెలిసిన సంగతులతోనే నిర్ణయాన్ని తూకం వేయాలి. ఒక హ్యాండ్ తీసుకుందాం. మన ఆటగాడు బటన్ దగ్గరున్నాడు, చేతిలో ఇస్పేటు ఆసు, డైమను రాణి. 15 డాలర్లకు పెంచాడు. బిగ్ బ్లైండ్‌లోని ఒక నెమ్మదైన ఆటగాడు, తనంతట తాను పందెం పెంచడం అరుదైనవాడు, కాల్ చేశాడు. ఇద్దరి దగ్గరా మొదట 300 చొప్పున ఉన్నాయి. ఫ్లాప్‌లో కళావరు రాణి, ఇస్పేటు ఎనిమిది, డైమను ఐదు వచ్చాయి. మనవాడు 20 పెట్టాడు, అతను కాల్. టర్న్ కళావరు ఆరు. 45 పెడితే మళ్ళీ కాల్. రివర్ ఆఠీను రెండు. పాట్ 161. మనవాడు 60 పెట్టాడు. అప్పటిదాకా ఊరకే కాల్ చేస్తూ వచ్చిన మనిషి తన దగ్గరున్న 220 మొత్తం తోసేశాడు. ఇంకో 160 పెడితే కాల్. మనవాడు పెట్టాడు. లాగ్‌లో రాసుకున్న కారణం: "రాణుల జత, పైన ఆసు. వదలడానికి మనసొప్పలేదు."

మొదట ధర చూడాలి. 160 పెడితే అన్నీ కలిసి పాట్ 601 అవుతుంది. 160ని 601తో భాగిస్తే దాదాపు 27 శాతం. నాలుగు కాల్స్‌లో ఒకటికంటే కాస్త ఎక్కువగా గెలిస్తేనే ఈ కాల్‌కు నష్టం లేదు. ఇక ఎదుటివాడి దగ్గర ఏముండొచ్చో లెక్కపెట్టాలి. చేతిలో ఎనిమిదుల జతో, ఆరుల జతో, ఐదుల జతో ఉండి బల్ల మీది ముక్కతో మూడు కలిసి ఉండొచ్చు. ఒక్కోటి మూడు రకాలుగా వస్తుంది, మొత్తం తొమ్మిది. ఒకే రంగు తొమ్మిది-ఏడు, లేదా ఏడు-నాలుగు ఉంటే వరస కుదిరింది, ఇవి ఎనిమిది రకాలు. ఒకే రంగులో ఎనిమిది-ఆరు, ఎనిమిది-ఐదు, ఆరు-ఐదు, రాణి-ఎనిమిది లాంటి రెండు జతలు మరో ఏడు. మనవాణ్ణి ఓడించేవి 24 తేలాయి. 27 శాతం గెలవాలంటే వీటికి ఎదురుగా కనీసం తొమ్మిది బ్లఫ్‌లు కావాలి. వరస కోసం చూసి తప్పిపోయిన ఒకే రంగు జాకీ-పది, పది-తొమ్మిది కలిపితే ఎనిమిదే ఉన్నాయి. అవన్నీ ప్రతిసారీ బ్లఫ్‌గా తోసినా లెక్క చాలదు, పైగా ఇది పందెం పెంచడానికే జంకే మనిషి. కాల్ తప్పు. అయితే అంతకుముందు పెట్టిన 60 తప్పు కాదన్నది గమనించాలి. దానికి చిన్న ఆసరాతో రాణుల జత ఉన్నవాళ్ళు కాల్ చేస్తారు. పెట్టడం సరైనదే, తిరిగి పెంచితే వదిలేయాల్సింది.

ఒక్క హ్యాండ్‌లో తప్పు చేస్తే అది లీకు కాదు. లీకు తెలియాలంటే సమీక్షించిన ప్రతి హ్యాండ్‌కూ పక్కన ఒక చిన్న గుర్తు వేసుకుని, ఒకే గుర్తున్నవాటిని కలిపి చూడాలి. ఇదే ఆటగాడు 150 గంటల్లో రివర్‌లో 46 సార్లు కాల్ చేశాడనుకుందాం. గెలిచింది 9. ప్రతి కాల్‌కూ ధర వేసి చూస్తే నష్టం లేకుండా ఉండటానికి 13 గెలవాలి. ఇదొక్కటే చూస్తే పెద్దగా ఏమీ తేలదు, నాలుగు తక్కువ రావడం అదృష్టం చేసే పనే కావచ్చు. కానీ గుర్తు రెండు రకాలు: ఎదుటివాడు మామూలుగా పందెం పెట్టినప్పుడు చేసిన కాల్స్ 28, మన పందేన్ని తిరిగి పెంచినప్పుడు చేసినవి 18. మొదటి వాటిలో గెలిచింది 8, కావలసింది కూడా సుమారు 8. ఇక్కడ లోపమేమీ లేదు. రెండో వాటిలో కావలసింది నాలుగో ఐదో, గెలిచింది ఒకటి. సగటున ఒక్కో కాల్‌కు 110 డాలర్లనుకుంటే, గెలిచిన ఆ ఒక్క పాట్ తీసేసినా పోయింది దాదాపు 1,550. గంటకు పది డాలర్లు ఈ ఒక్క చోటునుంచే కారిపోయాయి.

ఇక్కడ తొందరపాటుకు చోటుంది. 18కి ఒకటే గెలవడం కేవలం దురదృష్టం వల్ల జరిగే అవకాశం నూటికి మూడు. చిన్నదే, కానీ లాగ్‌ను ముప్పై రకాలుగా ముక్కలు చేసి చూస్తే వాటిలో ఒకటి ఇలా వింతగా కనబడటం సహజం. అందుకే అంకె ఒక్కటే చాలదు, దానికి ఆటలోంచి కారణం దొరకాలి. ఈ ఉదాహరణలో దొరికింది: ఒక్కో హ్యాండ్‌ను విడిగా లెక్కపెడితే చిన్న ఆటల్లో రివర్ పెంపు వెనుక సరిపడా బ్లఫ్‌లు లేవని తేలింది, గుంపు లెక్కా అదే చెప్పింది. పైగా రాసుకున్న కారణాల్లో "వదలడానికి మనసొప్పలేదు" అన్నది మళ్ళీ మళ్ళీ వస్తే అది మూడో సాక్ష్యం. ఫలానా ఎదుటివాడు బ్లఫ్ చేసే రకమని రాసి కాల్ చేసినవి వేరుగా ఉంచాలి, అవి లీకు కింద రావు.

దిద్దుబాటు ఒకటే ఉండాలి, అమలైందో లేదో లాగ్‌లోనే తెలియాలి. రివర్‌లో తిరిగి పెంచితే జత మాత్రమే ఉన్నప్పుడు వదిలేయాలన్న నియమం పెట్టుకుంటే, ఇకపై వదిలేసిన హ్యాండ్లూ రాయాల్సి వస్తుంది. దీనికో హద్దు ఉంది. వదిలేశాక ఎదుటివాడి ముక్కలు చాలాసార్లు కనబడవు, కాబట్టి ఈ వైపు లెక్క కాల్స్ లెక్కంత తేటగా ఎప్పటికీ రాదు. అతను ముక్కలు చూపించినప్పుడల్లా అవి రాసుకోవడం తప్ప మార్గం లేదు. రెండో చిక్కు అతి జాగ్రత్త. పెంపుకు భయపడటం నేర్చుకున్నవాడు మామూలు పందేలకూ వదలడం మొదలుపెడతాడు. అది మొదట బాగున్న 28 హ్యాండ్ల రకంలో కనబడుతుంది: తర్వాతి 150 గంటల్లో ఆ కాల్స్ సంఖ్య బాగా పడిపోయి, చేసినవాటిలో గెలుపు 30 శాతం నుంచి ఏ 60కో ఎగబాకితే, దాన్ని మెరుగుదల అనుకోకూడదు. చేయాల్సిన కాల్స్ చేయడం లేదని అర్థం. ఒక లీకు మూసుకుని దాని పక్కనే మరొకటి తెరుచుకుంది.