ప్రాస పక్కపక్కనా, పాదం విడిచి పాదమా?

ముందు ఈ నాలుగు పాదాలు పైకి చదవండి. ఉదాహరణ కోసం రాసుకున్నవే కాబట్టి కవిత్వం సంగతి పక్కన పెట్టి, చివరి మాటలు వినండి.

పెంకుల మీద రాలింది చినుకు
పిల్లకు చెదిరిపోయింది కునుకు
గాలికి ఆరిపోయింది దీపం
గోడన మాసిపోయింది రూపం

చినుకుకు కునుకు, దీపానికి రూపం. ప్రాస కలిసిన పాదాలకు ఒకే అక్షరం గుర్తు పెట్టే ఇంగ్లిషు పద్ధతిలో దీన్ని ఏఏబీబీ అంటారు. ఇప్పుడు ఒక్క మాట కూడా మార్చకుండా రెండో పాదాన్నీ మూడో పాదాన్నీ తారుమారు చేద్దాం.

పెంకుల మీద రాలింది చినుకు
గాలికి ఆరిపోయింది దీపం
పిల్లకు చెదిరిపోయింది కునుకు
గోడన మాసిపోయింది రూపం

ఇది ఏబీఏబీ. మాత్రలు లెక్కపెడితే రెంటికీ 62 చొప్పునే వస్తాయి. అయినా రెండోది నెమ్మదిగా నడిచినట్టు ఉంటుంది. ప్రాసమాట చెవిన పడగానే మనం తెలియకుండానే దాని జత కోసం చూస్తాం. మొదటి వరసలో ఆ జత మరుసటి పాదంలోనే దొరికి, రెండు పాదాలకోసారి ఊపిరి పీల్చుకుంటాం. రెండో వరసలో చినుకుకు జత దొరక్కముందే దీపం వచ్చి తన జతనూ అడుగుతుంది. రెండు ఎదురుచూపులు ఒకదాని మీద ఒకటి పడి, నాలుగో పాదం దాకా ఆగే చోటు ఉండదు.

నడకతో పాటు కథా మారింది. మొదటి వరసలో పిల్ల నిద్ర చెడగొట్టింది చినుకు. దీపం ఆరడం వేరే సంగతి. రెండో వరసలో దీపం ఆరాకే పిల్ల లేచింది, కాబట్టి తప్పు చీకటిదని మనమే అనుకుంటాం. గోడ మీద రూపం ఎవరిదన్న ప్రశ్న మొదటిసారి పెద్దగా తట్టదు, దీపం వెనకే వచ్చింది కాబట్టి అది వట్టి నీడ. రెండోసారి అదే పాదం పిల్ల కళ్లు తెరిచాక వస్తుంది, కాస్త భయం పుడుతుంది. పక్కపక్కన ప్రాస కలిస్తే ఆ రెండు పాదాలూ ఒక విషయంగా ముడిపడతాయి. విడిచి కలిస్తే నాలుగూ కలిసి ఒక దృశ్యమవుతాయి.

అందుకే వ్యంగ్యానికి, సామెతలాంటి మాటకు, పిల్లల పాటకు ఏఏబీబీ బాగా అతుకుతుంది. 18వ శతాబ్దపు ఇంగ్లిషు కవి అలెగ్జాండర్ పోప్ ఎత్తిపొడుపులన్నీ ఈ రెండేసి పాదాల జంటల్లోనే ఉంటాయి: మొదటి పాదంలో గురి, రెండో పాదంలో దెబ్బ. అదే శతాబ్దంలో, 1751లో, థామస్ గ్రే పల్లెటూరి శ్మశానం గురించి అచ్చువేసిన స్మృతికావ్యం ఏబీఏబీలో సాగుతుంది. ఆ తీరిక దుఃఖానికి సరిపోయింది. షేక్‌స్పియర్ తన సానెట్లలో రెంటినీ వాడుకున్నాడు. 12 పాదాల దాకా విడిచి విడిచి ప్రాస వేసి, చివరి రెండు పాదాలను జంటగా కలిపాడు. అక్కడికి రాగానే తలుపు వేసిన చప్పుడు వినిపిస్తుంది.

మనకు జంట పాదాలు కొత్త కాదు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం నడిచింది ద్విపదలోనే. కాకపోతే అక్కడ ప్రాస పాదం మొదట్లో, రెండో అక్షరంలో ఉంటుంది. పాదం చివర ప్రాస వేయబోతే తెలుగులో వేరే చిక్కు ఉంది. పై పాదాలను మామూలు వాక్యాల్లా చెప్పి చూడండి: చినుకు రాలింది, కునుకు చెదిరిపోయింది, దీపం ఆరిపోయింది, రూపం మాసిపోయింది. క్రియ చివరికి వచ్చేసరికి నాలుగు పాదాలూ ఒకేలా ముగిశాయి. ఇక ఏ వరసలో పేర్చినా చెవికి తేడా తెలియదు. నామవాచకాలను చివరికి తోసింది అందుకే. కొత్తగా పాటలు రాసేవాళ్లు ఏబీఏబీ అనుకుని రాసింది చాలాసార్లు ఇలా నాలుగు ‘ఇంది’లుగా తేలుతుంది.

ఇంకో జాగ్రత్త, దూరం పెరిగితే ప్రాస బలం పెరగాలి. ‘ఇంటికి’, ‘ఊరికి’ అని ఒక్క ‘కి’ కలిస్తే పక్కపక్కన ఎలాగో గడుస్తుంది, మధ్యలో ఒక పాదం వచ్చిందా, ఎవరికీ వినపడదు. చినుకు, కునుకుల్లా కనీసం రెండక్షరాలు కలవాలి. పరీక్ష సులువు: మూడో పాదం చివరి మాట మింగేసి ఎవరికైనా చదివి వినిపించండి. ఏదో ఒక మాట అందించబోయారంటే మొదటి ప్రాస ఇంకా వాళ్ల చెవిలో ఉన్నట్టు. తెల్లమొహం వేస్తే అది పోయినట్టే.

జంట ప్రాసకు ఉన్న జబ్బు దీనికి తలకిందులు, అది మరీ ఎక్కువగా వినపడుతుంది. ఇరవై పాదాలు దాటేసరికి ఊయల ఊపులా తయారై, అర్థం మీద మనసు నిలవనివ్వదు. దానికి మందు వాక్యాన్ని పాదం చివర ఆపకపోవడం. రాబర్ట్ బ్రౌనింగ్ 1842లో ‘మై లాస్ట్ డచెస్’ను మొదటినుంచి చివరిదాకా జంట ప్రాసల్లోనే రాశాడు. వాక్యాలు పాదాలు దాటి పారడంతో, పైకి చదువుతుంటే ఒక డ్యూక్ తీరిగ్గా కబుర్లు చెబుతున్నట్టే ఉంటుంది. ప్రాసలు ఉన్నాయని చాలామంది రెండోసారి చదివేదాకా గమనించరు.