లోటున్నా లేచిన రూపాయి

కరెంటు ఖాతాలో లోటు వస్తే రూపాయి పడిపోతుందని చాలామంది అనుకుంటారు. 2007-08లో మన లోటు సుమారు 1,600 కోట్ల డాలర్లు. అయినా ఆ ఏడాది డాలరు ధర 43 రూపాయల పైనుంచి 40 దిగువకు దిగింది. లోటున్నా రూపాయి బలపడింది!

చమురు, బంగారం వంటి దిగుమతులకు మనం డాలర్లు చెల్లించాలి. ఎగుమతులు, సాఫ్ట్‌వేర్ సేవలు, గల్ఫ్ నుంచీ అమెరికా నుంచీ మనవాళ్లు ఇంటికి పంపే డబ్బు మనకు డాలర్లు తెస్తాయి. వచ్చినవి చాలకపోతే ఆ తక్కువే కరెంటు ఖాతా లోటు. దాన్ని విదేశీ పెట్టుబడులు, అప్పులు, డిపాజిట్లు పూడ్చాలి. అవి లోటును మించి వస్తే డాలరు చవకవుతుంది, చాలకపోతే ప్రియమవుతుంది. 2007-08లో అలా వచ్చినవి 10,000 కోట్ల డాలర్లు దాటాయి. మిగులులో చాలా భాగాన్ని రిజర్వు బ్యాంకు కొని నిల్వల్లో వేసుకుంది. లేకుంటే రూపాయి ఇంకా పెరిగేది.

2012-13 కథ వేరు. బంగారం, చమురు దిగుమతులతో లోటు 8,800 కోట్ల డాలర్లకు, అంటే జీడీపీలో 4.8 శాతానికి చేరింది. లోపలికొచ్చిన డబ్బూ దాదాపు అంతే కాబట్టి పైకి అంతా సవ్యంగానే కనిపించింది. నా దృష్టిలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఫ్యాక్టరీ పెట్టిన డబ్బు రాత్రికి రాత్రి వెళ్లిపోదు. షేర్లలో, బాండ్లలో పెట్టిన డబ్బు మాత్రం ఒక్క ఫోనుతో వెళ్లిపోగలదు.

2013 మే 22న అమెరికా ఫెడరల్ రిజర్వు అధ్యక్షుడు బెన్ బెర్నాంకీ, తాము నెలనెలా చేస్తున్న 8,500 కోట్ల డాలర్ల బాండ్ల కొనుగోళ్లను తగ్గించవచ్చన్నారు. అమెరికాలో వడ్డీలు పెరుగుతాయని అంచనా వేసిన మదుపర్లు మన బాండ్లు అమ్మేశారు. మన చమురు బిల్లు మాత్రం ఆగలేదు. మేలో 55 దగ్గరున్న డాలరు ఆగస్టు 28న 68 దాటింది.

ప్రభుత్వం బంగారంపై సుంకాన్ని 10 శాతం చేసింది. దానివల్ల లోటు తగ్గడానికి నెలలు పడుతుంది, డాలర్లు కావలసింది వెంటనే. సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు గవర్నరైన రఘురామ్ రాజన్, ప్రవాస భారతీయుల నుంచి కనీసం మూడేళ్లకు డాలరు డిపాజిట్లు సేకరించమని బ్యాంకులను ప్రోత్సహించారు. బ్యాంకులు ఆ డాలర్లిచ్చి రూపాయలు తీసుకోవచ్చు. గడువు తీరాక, ఏటా 3.5 శాతం ఖర్చు భరిస్తే చాలు, డాలర్లు తిరిగి దొరుకుతాయి. మారకం రేటు ఎటు మారినా ఆ భారం రిజర్వు బ్యాంకుదే. ఫెడరల్ రిజర్వు కూడా ఆ నెలలో కొనుగోళ్ల తగ్గింపును వాయిదా వేయడం కలిసొచ్చింది. ఏడాది చివరకు డాలరు 62 దగ్గర నిలిచింది. 2013-14లో లోటు 1.7 శాతానికి తగ్గింది.

ఆ పథకం కింద డిపాజిట్ల రూపంలో వచ్చిన దాదాపు 2,600 కోట్ల డాలర్లు మనం సంపాదించినవి కావు, అప్పు తెచ్చుకున్నవి. 2016 చివర్లో గడువు తీరగానే వాటిని తిరిగి చెల్లించాల్సి వచ్చింది.