లేజర్ దువ్వెన లెక్క

లేజర్ దువ్వెనల, టోపీల ప్రకటనల్లో ‘90 శాతం మందికి జుట్టు పెరిగింది’ లాంటి మాట కనిపిస్తే, అది అబద్ధం కాకపోవచ్చు. నాలుగు వెంట్రుకలు కొత్తగా వచ్చినవాళ్లనూ ఆ 90లో కలిపేయొచ్చు. మనం అడగాల్సింది వేరు: ఎన్ని వెంట్రుకలు పెరిగాయి? దేనితో పోల్చి చెబుతున్నారు?

ఎర్రటి లేజర్ వెలుగు, సుమారు 655 నానోమీటర్లది, తలను వేడెక్కించకుండానే వెంట్రుకల కుదుళ్లను ఉత్తేజపరుస్తుందన్నది ఈ పరికరాల వెనకున్న ఆలోచన. 1960ల్లో హంగరీ వైద్యుడు ఎండ్రె మెస్టర్ లేజర్ పడిన ఎలుకల్లో గొరిగిన చోట వెంట్రుకలు త్వరగా రావడం గమనించాడు. కథ అక్కడ మొదలైంది.

హెయిర్‌మ్యాక్స్ దువ్వెన మీద అమెరికాలో జరిగిన పరిశోధన 2014లో వెలువడింది. వంశపారంపర్యంగా జుట్టు పలచబడిన 128 మంది మగవాళ్లు, 141 మంది ఆడవాళ్లు అందులో ఉన్నారు. కొందరికి అసలు దువ్వెన, కొందరికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి దువ్వెన ఇచ్చారు. వారానికి మూడుసార్లు చొప్పున 26 వారాలు వాడించారు. ఆడవాళ్లలో ఒక రకం దువ్వెన వాడినవారికి చదరపు సెంటీమీటరుకు సుమారు 20 వెంట్రుకలు పెరిగాయి. ఉత్తుత్తిది వాడినవారికీ సుమారు 3 పెరిగాయి! కాబట్టి లేజర్ ఖాతాలో వేయాల్సింది 17. మొదట అక్కడ 120 ఉన్నాయనుకుంటే అది దాదాపు 14 శాతం. కొట్టిపారేసేది కాదు, కానీ పలచబడ్డ తల ఒత్తుగా మారిపోయేంతా కాదు. ఈ పరిశోధనకు డబ్బు పెట్టింది తయారీ కంపెనీయే. అంతమాత్రాన అంకెలు తప్పని కాదు, స్వతంత్రంగా, ఎక్కువ కాలం చూసిన అధ్యయనాలు కావాలని అర్థం.

‘ఎఫ్‌డీఏ ఆమోదం’ అనే ముద్రనూ జాగ్రత్తగా చదవాలి. 2007లో ఈ దువ్వెనకు దొరికింది అమ్ముకోవడానికి అనుమతి. మార్కెట్లో అప్పటికే ఉన్న పరికరాలతో సమానమని చూపిస్తే అది వస్తుంది. కొత్త మందుకు జరిగేంత కఠినమైన పరీక్ష కాదు. పైగా ఆ అనుమతి చర్మపు రంగును బట్టి చేసే ఆరు తరగతుల్లో మొదటి నాలుగింటికే. మనలో చామనఛాయ దాటి నల్లగా ఉన్నవాళ్లు చాలామంది అయిదు, ఆరు తరగతుల్లోకి వస్తారు. నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే అమ్మేవాళ్లు దీన్ని చెప్పగా నేను వినలేదు.

పూర్తిగా నున్నబడిన చోట దీనిమీద ఆశ పెట్టుకోకూడదు. పలచబడుతున్న చోటైనా వాడకం ఆపితే వచ్చిన లాభం నిలవదు.

ఇక ‘నాకు పనిచేసింది’ అనే సాక్ష్యాల సంగతి. డెంగీ, టైఫాయిడ్ జ్వరాల తర్వాతా, కాన్పు తర్వాతా రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలుతుంది. ఆ తర్వాత చాలామందిలో కొన్ని నెలల్లో తనంతట తానే తిరిగి వస్తుంది. సరిగ్గా ఆ మధ్యలో టోపీ కొన్నవాళ్లు దానికే దణ్ణం పెడతారు. రక్తహీనత, థైరాయిడ్ వల్ల రాలుతుంటే వాటికి వైద్యం కావాలి. అందుకే కొనేముందు చర్మవైద్యుడికి ఒకసారి తల చూపించుకుని, అవసరమైన రక్తపరీక్షలు చేయించుకోండి.