దుకాణం వారీగా, సీజను వారీగా అమ్మకాల బడ్జెట్

రాజమహేంద్రవరం, కోరుకొండ, రాజానగరంలలో దుకాణాలున్న ఒక బట్టల సంస్థను ఊహించుకోండి. దాని కోరుకొండ దుకాణానికి 2026 జూలై అమ్మకాల బడ్జెట్‌ను ఇప్పుడు తయారుచేద్దాం. ఇందులోని అమ్మకాల అంకెలు, జీతాలు లెక్క కోసం తీసుకున్నవి. తేదీలు మాత్రం పంచాంగం ప్రకారం ఇచ్చినవి.

1. సీజనును రోజుల్లో లెక్కించడం

గత సంవత్సరం అదే నెల అమ్మకాలకు 10 శాతం కలిపి లక్ష్యంగా ఇవ్వడం చాలా సంస్థల్లో అలవాటు. మన ప్రాంతపు బట్టల వ్యాపారానికి ఈ పద్ధతి సరిపడదు. బడ్జెట్ ఇంగ్లీషు నెలల్లో ఉంటుంది, కొనుగోలుదారు తెలుగు నెలలను బట్టి కొంటాడు. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. అందువల్ల ఆ తర్వాతి మాసాలన్నీ దాదాపు 20 రోజులు వెనక్కు జరిగాయి. శ్రావణం 2025లో జూలై 25న మొదలైతే, 2026లో ఆగస్టు 13న మొదలవుతుంది.

కాబట్టి ముందుగా ఒక్కో రకం రోజుకు సగటు అమ్మకం కట్టాలి. కోరుకొండ దుకాణంలో ఆషాఢం తగ్గింపు రోజుల్లో రోజుకు రూ. 25,000, శ్రావణంలో రూ. 40,000, మిగిలిన రోజుల్లో రూ. 20,000 అనుకుందాం.

2025 జూలై: ఆషాఢం 24 రోజులకు 6 లక్షలు, శ్రావణం 7 రోజులకు 2.8 లక్షలు, మొత్తం రూ. 8.8 లక్షలు.

2026 జూలై: జ్యేష్ఠం 14 రోజులకు 2.8 లక్షలు, ఆషాఢం 17 రోజులకు 4.25 లక్షలు, మొత్తం రూ. 7.05 లక్షలు.

పాత పద్ధతిలో లక్ష్యం రూ. 9.68 లక్షలు అయ్యేది. అంటే మేనేజరు తన తప్పేమీ లేకుండానే 2.63 లక్షలు వెనుకబడి, ప్రోత్సాహకం పోగొట్టుకుంటాడు. శ్రావణం 11 రోజులు సెప్టెంబరులోకి వస్తాయి కాబట్టి ఆ నెల లక్ష్యం శ్రమ లేకుండానే అందుతుంది. లక్ష్యం జూలైలో బాగా తప్పి, సెప్టెంబరులో బాగా దాటితే, అమ్మేవారిని కాక ముందు క్యాలెండరును అనుమానించండి.

దుకాణం వారీగా కూడా ఇదే జాగ్రత్త అవసరం. ఫాల్గుణంలో కోరుకొండ లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవాల రోజులు ఈ దుకాణానికి ఒక సీజను. రాజమహేంద్రవరం దుకాణానికి ఆ వరుస వేయకూడదు. ఈ ఉత్సవాలు 2026లో ఫిబ్రవరి చివర మొదలైతే, 2027లో మార్చిలో వస్తాయి.

2. మార్జిన్ అంచనా

రూ. 68కి కొన్న బట్టను రూ. 100కి అమ్మితే స్థూల లాభం 32, మార్జిన్ 32 శాతం. ఆషాఢంలో 15 శాతం తగ్గిస్తే ధర 85, లాభం 17. మార్జిన్ 17 శాతం కాదు, 85లో 17 కాబట్టి 20 శాతం. ధర తగ్గింది 15 శాతమే అయినా లాభం దాదాపు సగానికి పడింది. పాత లాభమే రావాలంటే 100 బట్టలు అమ్మినచోట సుమారు 188 అమ్మాలి. అందువల్ల ఏడాది మొత్తానికి ఒకే మార్జిన్ వేయకండి.

2026 జూలై స్థూల లాభం: 2.8 లక్షలపై 32 శాతం రూ. 89,600, 4.25 లక్షలపై 20 శాతం రూ. 85,000, మొత్తం రూ. 1,74,600.

3. సిబ్బంది ఖర్చు

ఒక్కొక్కరికి మూల వేతనం, కరువు భత్యం కలిపి నెలకు రూ. 12,000 అనుకుందాం. యజమాని వాటాగా భవిష్య నిధికి 12 శాతం రూ. 1,440, ఈఎస్‌ఐకి 3.25 శాతం రూ. 390, కనీస బోనసు 8.33 శాతం సుమారు రూ. 1,000 కలపాలి. మొత్తం రూ. 14,830. 'మా దుకాణంలో ఎనిమిది మందే, మాకు భవిష్య నిధి వర్తించదు' అనుకోవడం పొరపాటు. ఒకే సంస్థకు చెందిన శాఖలన్నిటి సిబ్బందిని కలిపి 20 మంది ఉన్నారా అని చూస్తారు.

ఎనిమిది మందికి రూ. 1,18,640 పోగా రూ. 55,960 మిగులుతుంది. అద్దె, విద్యుత్తు దీనిలోంచే కట్టాలి.

పాత లక్ష్యాన్ని నమ్మి, 9.68 లక్షలపై 32 శాతం చొప్పున సుమారు రూ. 3.1 లక్షల లాభం వస్తుందనుకున్న యజమాని జూలై 1 నుంచే నలుగురిని అదనంగా తీసుకుంటాడు. వారి ఖర్చు రూ. 59,320. అప్పుడు అద్దె కట్టకముందే రూ. 3,360 లోటు. నెలాఖరున ఆ నలుగురినీ మానిపిస్తే, శ్రావణం వచ్చేసరికి పని నేర్చిన చేతులు దొరకవు. వారిని ఆగస్టు మొదటి వారంలో తీసుకుని ఉంటే సరిపోయేది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. రోజు సగటులు పాత అమ్మకాల నుంచి వచ్చినవి. పక్కన కొత్త దుకాణం తెరిచినా, పంట డబ్బు ఆలస్యమైనా అవి మారతాయి. అందుకే ప్రతి సీజను ముగిశాక సగటులను సరిదిద్దాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

2026 ఆగస్టులో ఆషాఢం 12 రోజులు, శ్రావణం 19 రోజులు. ఎనిమిది మంది సిబ్బందితో ఆ నెల అమ్మకాలు, స్థూల లాభం, సిబ్బంది ఖర్చు పోగా మిగిలేది లెక్కించండి.

జవాబు: రూ. 10.6 లక్షలు, రూ. 3,03,200, రూ. 1,84,560.