గల్లాపెట్టెలో దొరకని రెండు అంకెలు

కిరాణా కొట్టు యజమానిని ఏడాదికి ఎంత అమ్ముతారని అడిగితే నసుగుతాడు. వీధిలో ఎవరు ఎంత బాకీ ఉన్నారని అడిగితే మాత్రం పుస్తకం తెరవకుండానే చెప్పేస్తాడు. మర్చిపోతే చేతినుంచి పోయేవే ఆయన రాసుకుంటాడు. అరువు పుస్తకంలో వాడుకదారుల బాకీలుంటాయి. హోల్‌సేల్ కొట్టు బిల్లులు మేకుకు గుచ్చి ఉంటాయి. పాసుబుక్కు సంగతి బ్యాంకు చూసుకుంటుంది. డబ్బిచ్చి పప్పు పట్టుకెళ్లినవాడి లెక్క మాత్రం ఎక్కడా ఉండదు. కామర్సు పుస్తకాలు దీన్ని ఒంటిపద్దు విధానం అంటాయి. విధానం అనడం పెద్దమాటే. కొన్ని లావాదేవీలకు రెండు పద్దులూ పడతాయి, కొన్నింటికి ఒకటే పడుతుంది, కొన్నింటికి అసలేమీ ఉండదు.

బ్యాంకులో అప్పు కోసమో, భాగస్తుణ్ణి చేర్చుకోవడానికో ఈ కాగితాల నుంచి వర్తకపు ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ తయారుచేయాల్సి వస్తుంది. తెనాలిలో ఒక కొట్టు ఉందనుకుందాం. 2025 మార్చి 31తో ముగిసిన ఏడాదికి దాని లెక్కలు తేల్చాలి. తేలిగ్గా ఉండేందుకు అంకెలు గుండ్రంగా తీసుకుంటాను.

మొదట ఏడాది మొదలైన రోజున కొట్టు ఎలా ఉందో చూడాలి. 2024 ఏప్రిల్ 1న సరుకు 1,80,000 రూపాయలది. వాడుకదారులు ఇవ్వాల్సింది 60,000. గల్లాలో 10,000, బ్యాంకులో 40,000 ఉన్నాయి. అరలు, ఫ్రిజ్, కాటా కలిపి 50,000 విలువ చేస్తాయి. హోల్‌సేల్ వ్యాపారులకు ఇవ్వాల్సిన 90,000 తీసేస్తే యజమాని సొంత డబ్బు, అంటే మూలధనం, 2,50,000. సరుకును కొన్న ధరకే లెక్కకట్టాలి. ప్యాకెట్ మీద ఉన్న ఎమ్మార్పీ వేస్తే, ఇంకా అమ్మని సరుకు మీద కూడా లాభం వచ్చినట్టు చూపుతుంది.

ఇక దొరకని అంకెల వేట. కొనుగోళ్లు ఎంతో ఎవరూ కూడి పెట్టలేదు. బిల్లుల్లో కొన్ని చిరిగిపోయి ఉంటాయి. కానీ హోల్‌సేల్ వాళ్లకు ఏడాదిలో కట్టింది 26,20,000 అని పాసుబుక్కు, రసీదులు చెబుతున్నాయి. ఏడాది చివర ఇంకా 1,10,000 ఇవ్వాలి. ఈ రెండూ కలిపి, అందులోంచి నిరుటి బాకీ 90,000 తీసేస్తే ఈ ఏడాది కొన్నది 26,40,000. నగదుకు కొన్నది ఏదైనా ఉంటే దీనికి కలపాలి. ఇక్కడ లేదనుకుందాం.

అరువు అమ్మకాలకూ ఇదే దారి. బాకీల కింద వసూలైంది 3,20,000. మార్చి చివర ఇంకా రావాల్సింది 85,000. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన ఒక కుటుంబం బాకీ 5,000 ఇక రాదు. మూడూ కలిపి పాత 60,000 తీసేస్తే అరువు అమ్మకాలు 3,50,000. ఆ రానిబాకీని మర్చిపోతే అమ్మకాలూ తగ్గిపోతాయి, నష్టమూ కనిపించకుండా పోతుంది.

ఇంతవరకూ పని సులువే. అసలు చిక్కు నగదు దగ్గర. గల్లాను, బ్యాంకును విడివిడిగా చూడకుండా ఒకే సంచిగా చూడడం మంచిది. అలాగైతే గల్లాలోంచి తీసి బ్యాంకులో వేసిన డబ్బును పొరపాటున రాబడి కింద రాసే ప్రమాదం ఉండదు. సంచిలో మొదట ఉన్నది 50,000. వచ్చింది 3,20,000 అరువు వసూళ్లు, ఆపైన నగదు అమ్మకాలు. ఫోన్‌పే, గూగుల్‌పేల ద్వారా పడినవీ ఇందులోవే. బయటికి పోయింది హోల్‌సేల్ వాళ్లకు 26,20,000. అద్దె, కుర్రాడి జీతం, కరెంటు కలిపి 1,50,000. చివర మిగిలింది గల్లాలో 15,000, బ్యాంకులో 55,000. మిగతాది ఇంటికి వెళ్లింది.

చూశారా, తెలియనివి ఒకటి కాదు, రెండు. నగదుకు ఎంత అమ్మారో తెలియదు, ఇంటికి ఎంత తీసుకెళ్లారో తెలియదు. ఒకటి తెలిస్తేనే రెండోది తేలుతుంది. అందుకే ఆడిటర్లు ముందు ఇంటి ఖర్చు అడుగుతారు. “ఇంటికేముందండీ, ఏదో కూరలకి తీసుకుంటాం” అన్నదే సాధారణంగా వచ్చే జవాబు. గుచ్చి గుచ్చి అడిగితే నెలకు 12,000 ఇంటికి, ఏడాదికి 36,000 పిల్లల ఫీజులు అని తేలింది. మొత్తం 1,80,000. ఈ అంకె పెడితే నగదు అమ్మకాలు 26,50,000 అవుతాయి. అరువువి కలిపితే మొత్తం అమ్మకాలు 30,00,000.

డబ్బుతో పాటు బియ్యం, నూనె, సబ్బులు కూడా కొట్టులోంచే ఇంటికెళ్తాయి. నెలకు 2,500 చొప్పున 30,000. ఇది అమ్మకం కాదు. కొన్న ధరకు కొనుగోళ్లలోంచి తీసేసి సొంతవాడకాల్లో వేయాలి.

ఇప్పుడు వర్తకపు ఖాతా. మొదటి సరుకు 1,80,000కి నికర కొనుగోళ్లు 26,10,000 కలిపి, మార్చి 31న లెక్కపెట్టిన 2,10,000 సరుకు తీసేస్తే, అమ్మిన సరుకు ఖరీదు 25,80,000. స్థూలలాభం 4,20,000. అందులోంచి అద్దె, జీతం, కరెంటు 1,50,000, ఫ్రిజ్, అరల తరుగుదల 5,000, రానిబాకీ 5,000 పోతే నికరలాభం 2,60,000.

ఆస్తి అప్పుల పట్టీలో ఒకవైపు సరుకు 2,10,000, బాకీలు 85,000, నగదు, బ్యాంకు 70,000, అరలు, ఫ్రిజ్, కాటా 45,000. మొత్తం 4,10,000. రెండోవైపు హోల్‌సేల్ వాళ్ల బాకీ 1,10,000. మూలధనం మొదట 2,50,000, దానికి లాభం 2,60,000 కలిపి, డబ్బూ సరుకూ కలిసిన సొంతవాడకాలు 2,10,000 తీసేస్తే 3,00,000. ఇటూ 4,10,000 వచ్చింది.

రెండు వైపులూ సరిపోయాయని ఊపిరి పీల్చుకోవడానికి వీల్లేదు. ఈ పట్టీ ఎలాగైనా సరిపోతుంది. ఇంటి ఖర్చు నెలకు 12,000 కాక 6,000 అని చెప్పాడనుకోండి. నగదు అమ్మకాలు 72,000 తగ్గుతాయి. లాభం అంతే తగ్గి 1,88,000 అవుతుంది. సొంతవాడకాలూ అంతే తగ్గుతాయి కాబట్టి మూలధనం మళ్లీ 3,00,000కే వచ్చి ఆగుతుంది. తప్పు రెండు చోట్లా ఒకేలా పడి, ఒకదాన్నొకటి కప్పేసుకుంటుంది. అమ్మకాలను మనమే ఆ ఖర్చు మీద ఆధారపడి తేల్చాం కాబట్టి, ఈ సరిపోవడానికి సాక్ష్యంగా విలువ లేదు.

తప్పును పట్టించేది అమ్మకాల మీద స్థూలలాభం ఎంత శాతమన్నదే. మొదటి లెక్కలో 30 లక్షల మీద 4,20,000, అంటే 14 శాతం. రెండో లెక్కలో 12 శాతం లోపే. ఏది నిజమో కొట్టులోనే చూడొచ్చు. బాగా అమ్ముడుపోయే సరుకులు ఓ పాతిక తీసుకుని, బిల్లులో కొన్న ధరను, ఇస్తున్న ధరను పక్కపక్కన రాయాలి. నూనె ప్యాకెట్ మీద, మసాలా పొట్లం మీద మిగిలేది ఒకలా ఉండదు కాబట్టి, ఏది ఎంత అమ్ముడవుతుందో చూసి సగటు కట్టాలి. అది 14కి దగ్గరగా వస్తే ఇంటి ఖర్చు అంకె నమ్మొచ్చు. పుస్తకంలో లాభం ఆ సగటుకన్నా బాగా తక్కువుంటే ఇంటికి వెళ్లిందాన్ని ఇంకా అడగాలి. లేదా కుర్రాడి చేతిలోంచో, ఎలుకల పాలో, గడువు తీరి పారేసినదాంట్లోనో సరుకు పోయి ఉండొచ్చు. మరీ ఎక్కువుంటే అమ్మకం కాని డబ్బు ఏదో గల్లాలో పడి ఉంటుంది. చీటీ పాడి తెచ్చిన లక్ష హోల్‌సేల్ వాడికి కట్టి ఆ సంగతి చెప్పకపోతే, అదంతా నగదు అమ్మకంగా తేలి శాతం 16 దాటిపోతుంది. ఆ లక్షను అమ్మకాల్లోంచి తీసేసి, ఇంకా కట్టాల్సిన చీటీ వాయిదాలను అప్పుల వైపు రాయాలి.